రాళ్లు, టైల్స్ కోసేటప్పుడు లేచే దుమ్ము, సిలికోసిస్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో టైల్స్ వేసే మేస్త్రీలు, గ్రానైట్ ఫిట్టింగ్ చేసేవాళ్లు, వాళ్ల దగ్గర హెల్పర్లుగా చేరే కుర్రాళ్లు, పని చేయించే కాంట్రాక్టర్లు, ఇంటివాళ్ల కోసం ఈ పేజీ రాశాను. క్వారీలు, క్రషర్ల సంగతి ఇందులో లేదు. అక్కడ యంత్రాలు వేరు, పద్ధతులు వేరు. నాలుగు గోడల మధ్య చేత్తో పట్టుకునే కట్టింగ్ మెషిన్‌తో జరిగే పని గురించే ఇక్కడ మాట్లాడుకుందాం. ఈ పనిలో దుమ్ము మనిషి ముక్కుకు అడుగు, రెండడుగుల దూరంలోనే లేస్తుంది. దాని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

దుమ్ము అన్ని పనుల్లోనూ ఉంటుంది. రాతి దుమ్ములో అంత ప్రత్యేకత ఏముంది?

గ్రానైట్, ఇసుకరాయి, టైల్, కాంక్రీటు, ఇటుక, వీటన్నిటిలో క్వార్ట్జ్ అనే ఖనిజం ఉంటుంది. స్ఫటిక రూపంలో ఉన్న సిలికా అంటే ఇదే. రాయి రాయిగా ఉన్నంతసేపు దానివల్ల ఏ హానీ లేదు. గ్రానైట్ గట్టు మీద రోజూ వంట చేసుకున్నా ఏమీ కాదు. బ్లేడు దాన్ని పొడి చేసినప్పుడే ప్రమాదం మొదలవుతుంది.

ఆ పొడిలో పెద్ద రేణువులు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. చీదితే, ఉమ్మితే పోతాయి. అసలు ఇబ్బంది నాలుగైదు మైక్రాన్ల కంటే చిన్నవాటితో. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఈ రేణువులు విడిగా కంటికి కనిపించవు. ఇవి ఊపిరితిత్తుల చివర ఉండే గాలి గదుల దాకా వెళ్తాయి. అక్కడ కాపలా ఉండే కణాలు వీటిని మింగుతాయి కానీ అరిగించుకోలేవు. మింగిన కణం చచ్చిపోతుంది, రేణువు బయట పడుతుంది, ఇంకో కణం వచ్చి దాన్ని మింగుతుంది. ఇలా జరిగిన ప్రతిసారీ అక్కడ వాపు వస్తుంది, తర్వాత మచ్చ కడుతుంది. ఆ మచ్చలు చిన్న గడ్డలుగా పెరిగి ఊపిరితిత్తి సాగే గుణాన్ని పోగొడతాయి. ఆ జబ్బే సిలికోసిస్. అప్పుడే పగిలిన క్వార్ట్జ్ రేణువు పాతబడిన దుమ్ము కంటే ఎక్కువ హాని చేస్తుంది. బ్లేడు దగ్గర కూర్చున్న మనిషి పీల్చేది ఆ తాజా పొడినే.

సిలికా దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కూడా కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది.

ఏ రాయిలో సిలికా ఎక్కువ, ఏ రాయిలో తక్కువ?

అన్నిటికంటే ఎక్కువ ఉండేది ఫ్యాక్టరీలో తయారయ్యే క్వార్ట్జ్ స్లాబుల్లో. రెసిన్‌తో అతికించిన ఈ కిచెన్ టాప్‌లలో మామూలుగా నూటికి 90 పైనే సిలికా ఉంటుంది. ఇసుకరాయిలో 70 నుంచి 90 దాకా, గ్రానైట్‌లో 20 నుంచి 45 దాకా ఉండొచ్చు. టైల్స్‌లో రకాన్ని బట్టి 5 నుంచి 45 దాకా మారుతుంది. అసలైన మార్బుల్‌లో చాలా తక్కువ. తాండూరు బండలు, కడప రాయి సున్నపురాయి జాతివి కాబట్టి వాటిలోనూ గ్రానైట్ కంటే తక్కువే.

మనవాళ్లు 'గ్రానైట్' అని పిలిచేదంతా ఒకే రాయి కాదు. ఒంగోలు దగ్గర చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ నిజానికి గ్యాబ్రో జాతి రాయి. అందులో క్వార్ట్జ్ తక్కువ. కరీంనగర్ టాన్ బ్రౌన్ మాత్రం క్వార్ట్జ్ ఉన్న గ్రానైటే. ఇది తెలిసి కొందరు "నల్ల రాయి కోస్తే ఏమీ కాదు" అంటుంటారు. నేను ఒప్పుకోను. మేస్త్రీ ఈ రోజు నల్ల రాయి కోస్తాడు, రేపు ఎర్ర రాయి, ఎల్లుండి టైల్, ఆ తర్వాత గోడలో కాంక్రీటు. రాయిని బట్టి జాగ్రత్త మార్చుకుంటూ పోతే చివరికి ఏ జాగ్రత్తా మిగలదు. అన్నిటినీ ఒకే పద్ధతిలో కోయడం అలవాటు చేసుకోవాలి.

ఒక కిచెన్ గట్టుకు రాయి కోయడం ఎంతసేపు? పది నిమిషాల పనికే జబ్బు వస్తుందా?

ఒక్క గట్టుతో రాదు. కానీ ఆ పది నిమిషాల్లో ఏం జరుగుతుందో లెక్క వేసి చూడండి.

18 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైట్ పలకను 8 అడుగుల పొడవున, అంటే సుమారు 2.4 మీటర్లు, నిలువునా కోశారనుకుందాం. బ్లేడు 2 మిల్లీమీటర్ల వెడల్పున రాయిని తినేస్తుంది. పొడవు, మందం, వెడల్పు హెచ్చిస్తే 86 ఘన సెంటీమీటర్ల రాయి పొడి అయినట్టు. గ్రానైట్ సాంద్రత 2.7 కాబట్టి బరువు సుమారు 230 గ్రాములు. అందులో 30 శాతం సిలికా అనుకుంటే 70 గ్రాములు.

ఇప్పుడు గది చూడండి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 28 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అమెరికాలో కార్మికుల భద్రతా నియమం ప్రకారం 8 గంటల పనిదినానికి సగటున ఒక ఘనపు మీటరు గాలిలో 0.05 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ సన్నని సిలికా ఉండకూడదు. ఆ లెక్కన ఈ గది మొత్తం గాలిలో 1.4 మిల్లీగ్రాములు తేలుతుంటే చాలు, హద్దు చేరినట్టే.

కోసిన పొడిలో చాలా భాగం ముతకగా ఉండి వెంటనే నేల మీద పడుతుంది. ఆ 70 గ్రాముల్లో వెయ్యో వంతే సన్నగా మారి గాలిలో నిలిచిందనుకుందాం. అదైనా 70 మిల్లీగ్రాములు. ఘనపు మీటరుకు 2.5 మిల్లీగ్రాములు, అంటే హద్దుకు 50 రెట్లు. అలాంటి గాలిని 10 నిమిషాలు పీల్చిన మనిషికి ఆ రోజంతటికీ రావాల్సిన సిలికా ఆ 10 నిమిషాల్లోనే వచ్చేసినట్టు. మన పాత ఫ్యాక్టరీల చట్టంలోని సూత్రం ప్రకారం చూస్తే ఇలాంటి దుమ్ముకు హద్దు ఇంచుమించు దీనికి రెట్టింపు. అది పట్టుకున్నా 10 నిమిషాలు కాస్తా 20 అవుతాయి, అంతే తేడా.

వెయ్యో వంతు అన్నది లెక్క కోసం తీసుకున్న అంకె. రాయిని, బ్లేడును, గాలి ఆడే తీరును బట్టి అది మారుతుంది. ఏది ఎలా మారినా "రోజుకు కాసేపే కదా కోసేది" అన్న మాట నిలబడదు. కోసేది కాసేపే అయినా పదేళ్లపాటు రోజూ ఆ కాసేపు ఉంటుంది.

దుమ్ము లేచినప్పుడు బయటికి వచ్చేస్తాం, అణిగాక లోపలికి వెళ్తాం. అది సరిపోదా?

అణిగింది కంటికి కనిపించే దుమ్ము. గాలి కదలని గదిలో 2 మైక్రాన్ల క్వార్ట్జ్ రేణువు మనిషి ముక్కు ఎత్తు నుంచి నేలకు దిగడానికి గంటకు పైనే పడుతుంది. ఒక మైక్రాన్ రేణువుకైతే ఐదు గంటలు. గది తేటగా కనిపించి, మేస్త్రీ మాస్కు తీసేసి బీడీ ముట్టించే సమయానికి అసలైన దుమ్ము ఇంకా తేలుతూనే ఉంటుంది. మనిషి నడిచినా, ఫ్యాన్ వేసినా నేల మీదిది కూడా మళ్లీ లేస్తుంది.

టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని కోయడం కూడా చూస్తుంటాం. అది మేస్త్రీ ముఖం మీది దుమ్మును పక్క గదిలో పుట్టీ పెట్టే పెయింటర్ మీదికి తోస్తుంది. కిటికీలో బయటికి ఊదేలా బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ అయితే కొంత మేలు. అన్నిటికంటే మేలు కోసే పనిని గదిలోంచి తీసేయడం. కొలతలన్నీ ఒకేసారి తీసుకుని, పలకల మీద గీతలు గీసి, ముక్కలన్నీ మేడ మీదో ఆరుబయటో కోసుకోవాలి. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా కూర్చోవాలి. పలక పట్టుకునే హెల్పర్ ఎదురుగా కాకుండా పక్కన ఉండాలి. చాలా సైట్లలో మేస్త్రీ కంటే ఎక్కువ దుమ్ము మింగేది ఎదురుగా కూర్చున్న ఆ కుర్రాడే.

నీళ్లు పోస్తూ కోయమంటారు. మగ్గుతో పోస్తే సరిపోతుందా?

సరిపోదు. చాలామంది పొరబడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

దుమ్ము పుట్టేది బ్లేడు అంచు రాయిని తాకే చోట. రేణువు గాలిలోకి ఎగరక ముందే అక్కడ తడవాలి. ఒకసారి ఎగిరిపోయాక దాని మీద నీళ్లు చల్లినా పెద్దగా పట్టుబడదు. కోసే ముందు పలక మీద నీళ్లు పోస్తే పై పొర తడుస్తుంది, బ్లేడు రాయి లోపలికి దిగాక తగిలేది పొడి రాయే. హెల్పర్ మగ్గుతో పోస్తే రెండు మగ్గుల మధ్య ఖాళీలో దుమ్ము లేస్తుంది. పైగా ఆ నీళ్లు సగం మెషిన్ మీద పడతాయి.

కావలసింది ఆగకుండా సన్నగా పారే ధార. చేతి మెషిన్లకు నిమిషానికి కనీసం అర లీటరు ఉండాలన్నది బ్రిటన్, అమెరికా భద్రతా సంస్థలు చెప్పే లెక్క. నీటి పైపు బిగించుకునే ఏర్పాటు ఉన్న మార్బుల్ కట్టర్లు మన మార్కెట్లోనూ దొరుకుతున్నాయి. సైట్లో కుళాయి లేకపోతే అడుగున చిన్న ట్యాప్ బిగించిన 20 లీటర్ల డబ్బాను నాలుగైదు అడుగుల ఎత్తున పెట్టి, సన్న గొట్టంతో మెషిన్‌కు కలిపితే చాలు. తోటల్లో మందు కొట్టే చేతి స్ప్రేయర్‌తోనూ పని జరుగుతుంది. కాకపోతే దాని మూతిని బ్లేడు మీదికి తిప్పి గట్టిగా బిగించాలి. ధార సరిపోతోందో లేదో ముందే కొలుచుకోవచ్చు. అర లీటరు సీసాను గొట్టం కింద పెట్టండి. నిమిషంలో నిండితే సరి.

కోసేటప్పుడు చూడాల్సింది బ్లేడు వెనక వచ్చేది. పల్చని బురద నీరు కారుతుంటే నీళ్లు అందుతున్నాయి. బురద చిక్కబడి ముద్దలు కడుతుంటే తక్కువైనట్టు. తెల్లటి పొగలాంటిది ఏ కొంచెం లేచినా, నిప్పురవ్వలు కనిపించినా వెంటనే మెషిన్ ఆపి గొట్టం చూసుకోవాలి. రాతిపొడి చేరి మూతి పూడుకుపోవడం చాలా తరచుగా జరుగుతుంది. సరిగా పారినప్పుడు గాలిలో దుమ్ము ఇంచుమించు పదో వంతుకు తగ్గుతుంది. బ్లేడు వేడెక్కదు కాబట్టి ఎక్కువ రోజులు మన్నుతుంది, అంచు పెట్లడం కూడా తగ్గుతుంది. మేస్త్రీలను ఒప్పించడానికి ఈ రెండో మాటే ఎక్కువ పనికొస్తుందని నా అనుభవం.

సింక్ కోసం రంధ్రం కోసేటప్పుడు జాగ్రత్త మరీ అవసరం. నాలుగు వైపులా నీళ్లతోనే కోసి, మూలల దగ్గరికి వచ్చేసరికి మెషిన్ మార్చి మామూలు గ్రైండర్‌తో పొడిగా అరగదీస్తారు. మూల గుండ్రంగా రావాలని ముఖం దగ్గరగా పెట్టి చూస్తూ చేస్తారు. మొత్తం పనిలో ఎక్కువ దుమ్ము పీల్చేది ఆ మూలల దగ్గరే. మూలలకు ముందే డైమండ్ కోర్ బిట్‌తో తడిగా రంధ్రాలు వేసుకుని, రంధ్రం నుంచి రంధ్రానికి కోస్తే ఆ అరగదీత చాలావరకు తప్పుతుంది. అంచు పాలిష్‌కు మధ్యలోంచి నీరు వచ్చే వెట్ పాలిషర్లు ఉన్నాయి. ఫిట్టింగ్ అయ్యాక ఇంట్లో కూర్చుని నోసింగ్ తీయడం కంటే షాపులోనే తడిగా తీయించి తెచ్చుకోవడం మంచిది.

నీళ్లు, కరెంటు కలిస్తే షాక్ కొడుతుంది కదా?

కొడుతుంది. ఈ భయం న్యాయమైనదే, అందుకే మామూలు యాంగిల్ గ్రైండర్ మీద ఎప్పుడూ నీళ్లు పోయకూడదు. నీటితో వాడేందుకు తయారైన మెషిన్ మాత్రమే వాడాలి. దాన్ని 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ ద్వారానే నడపాలి. లైను లీకైన క్షణంలోనే ఇది కరెంటు తెంచేస్తుంది. బోర్డులో మామూలుగా ఉండే ఎంసీబీ ఆ పని చేయదు. సైట్లో ఆర్‌సీసీబీ ఉందో లేదో తెలియకపోతే, అది బిగించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి సొంతంగా పెట్టుకోండి. రోజూ పని మొదలుపెట్టే ముందు దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి.

వైరును సాకెట్‌లో నేరుగా కాకుండా ముందు కిందికి జారవిడిచి పైకి తెచ్చి గుచ్చితే, వైరు వెంట జారిన నీరు సాకెట్‌లోకి పోకుండా కిందే రాలిపోతుంది. ప్లగ్గు లేకుండా వైర్లు చెక్క పుల్లలతో గుచ్చి నడిపే చోట మాత్రం నీళ్ల మాటే ఎత్తకండి. ముందు ప్లగ్గు పెట్టించాలి.

టైల్స్ కోయడానికి నీళ్లు తప్ప వేరే దారి లేదా?

ఉంది, ఇంకా మంచిది. తిన్నని కోతలకు చేతి టైల్ కట్టర్ వాడొచ్చు. చిన్న చక్రంతో టైల్ మీద గీత గీసి, పిడి నొక్కితే రెండు ముక్కలవుతుంది. దుమ్ము దాదాపు ఉండదు, చప్పుడు లేదు, కరెంటు అక్కర్లేదు. నాలుగడుగుల టైల్స్‌కు 1200 మిల్లీమీటర్ల కట్టర్ కావాలి. ఒక గదిలో టైల్స్ వేసేటప్పుడు వచ్చే కోతల్లో ఎక్కువ భాగం తిన్ననివే. స్కర్టింగ్ ముక్కలైతే మొత్తం దీంతోనే అయిపోతాయి. ఇక మిగిలేవి ఎల్ ఆకారపు కోతలు, కుళాయి పైపుల రంధ్రాలు. వాటికి తడి పద్ధతి.

గోడకు గాడి కోసేటప్పుడు, కట్టిన ఇంట్లో మార్పులు చేసేటప్పుడు నీళ్లు పోయలేం. అప్పుడు?

బ్లేడు చుట్టూ తొడుగు బిగించి, దాన్ని గొట్టంతో వ్యాక్యూమ్‌కు కలపాలి. తొడుగు అంచు గోడకు ఆని ఉండాలి. బ్లేడు వ్యాసం అంగుళానికి నిమిషానికి 25 ఘనపు అడుగుల గాలి లాగాలన్నది అమెరికా నియమం. 4 అంగుళాల బ్లేడుకు 100 ఘనపు అడుగులు. ఇళ్లలో వాడే మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ వద్దు. సన్నని దుమ్ము దాని సంచిలోంచి దాటి వెనక నుంచి గదిలోకే వచ్చేస్తుంది. హెపా ఫిల్టర్ ఉన్నది కావాలి. సన్నని పొడికి ఫిల్టరు త్వరగా పూడుకుపోతుంది కాబట్టి మధ్యమధ్యలో దులుపుకునే ఏర్పాటు ఉన్నది ఇంకా మంచిది. తొడుగు అంచుల్లోంచి దుమ్ము చిమ్ముతుంటే ఫిల్టరు నిండిందని అర్థం.

ముఖానికి తువ్వాలు కట్టుకుంటాం. సర్జికల్ మాస్కు కూడా ఉంది. చాలవా?

రెండూ పనికిరావు. సన్నని రేణువులు బట్టలోంచీ పోతాయి, చెంపల పక్కనున్న సందుల్లోంచీ పోతాయి. కనీసం ఎన్95 గానీ, ఎఫ్‌ఎఫ్‌పీ2 గానీ కావాలి. రెండు పట్టీలు తల వెనక్కి వెళ్లేవి ఎంచుకోండి. చెవులకు తగిలించుకునే రకం ముఖానికి గట్టిగా అంటుకోదు. పెట్టుకున్నాక రెండు చేతులూ మాస్కు మీద కప్పి గట్టిగా ఊదండి. ముక్కు పక్క నుంచో చెంప పక్క నుంచో గాలి తగిలితే సరిగా కూర్చోలేదని అర్థం. గడ్డం ఉంటే ఎంత మంచి మాస్కైనా ఆనదు.

సరిగా అమరిన ఎన్95 దుమ్మును పదో వంతుకు తగ్గిస్తుందని లెక్క. పైన చెప్పిన గ్రానైట్ గదికి ఈ లెక్క వేస్తే, రోజు కోటా 10 నిమిషాల్లో అయిపోయేది 100 నిమిషాలకు వస్తుంది. అంటే గదిలో పొడిగా కోసేవాడికి మాస్కు ఒక్కటే రక్షణ ఇవ్వదు. నీటితో కోస్తూ మాస్కు కూడా పెట్టుకుంటే మాత్రం పదో వంతులో పదో వంతు. ముందు నీళ్లు, ఆ తర్వాత మాస్కు, ఈ వరస తిరగబడకూడదు.

మే నెల ఎండలో మాస్కుతో ఊపిరి ఆడదని మేస్త్రీలు చెప్పేది నిజం. అందుకే కోత అంతా ఒక విడతలో పెట్టుకుంటే మాస్కు అవసరమయ్యే సమయమూ తగ్గుతుంది.

పని అయ్యాక ఊడ్చేటప్పుడు ఏం చేయాలి?

చీపురు వాడకూడదు. కంప్రెషర్ గాలితో బట్టలు, మెషిన్లు ఊదుకోవడం అంతకంటే చెడ్డది. తడి కోతలో వచ్చిన బురద ఆరితే మళ్లీ అదే దుమ్ము అవుతుంది. తడిగా ఉండగానే రేకుతో గీకి సంచిలోకి ఎత్తి, నేలను తడి గుడ్డతో తుడవాలి. బాత్రూం కాలువలో పోస్తే పైపులో గట్టిపడి పూడుకుపోతుంది. పని బట్టలు సైట్లోనే మార్చుకుని, దులపకుండా సంచిలో పెట్టి తీసుకెళ్లి విడిగా ఉతకాలి. ఇంటికి రాగానే ఆ చొక్కాతోనే పిల్లల్ని ఎత్తుకోవడం మానాలి.

మా నాన్న 20 ఏళ్లు గ్రానైట్ పని చేశారు. దగ్గు, ఆయాసం. టీబీ అని ఆరు నెలలు మందులు వాడినా తగ్గలేదు. ఇది సిలికోసిస్ కావొచ్చా?

కావొచ్చు. తప్పకుండా చూపించండి. ఈ రెండు జబ్బుల లక్షణాలు చాలావరకు ఒకటే. దగ్గు, ఆయాసం, నీరసం, బరువు తగ్గడం. ఎక్స్‌రేలోనూ రెండూ ఎక్కువగా ఊపిరితిత్తుల పై భాగంలోనే కనిపిస్తాయి. రోగి ఏ పని చేస్తారో డాక్టర్ అడగకపోతే, అడిగినా "కూలి పని" అని చెప్పి ఊరుకుంటే, ఎక్స్‌రే చూసి టీబీ అనుకోవడం చాలా సులువు. తెమడ పరీక్షలో ఒక్కసారి కూడా టీబీ క్రిమి దొరకకుండా, మందులు వాడినా ఎక్స్‌రే మారకుండా ఉంటే సిలికోసిస్ గురించి ఆలోచించాలి.

ఛాతీ వైద్య నిపుణుడి దగ్గరికి వెళ్లి, ఏ రాయి కోశారు, ఎన్నేళ్లు, పొడిగానా తడిగానా, గదిలోనా బయటా, ఇవన్నీ చెప్పండి. వీలైతే కాగితం మీద రాసుకుని వెళ్లండి. పాత ఎక్స్‌రేలన్నీ తీసుకెళ్లండి. ఏళ్ల తేడాతో తీసినవి పక్కపక్కన పెట్టి చూస్తేనే చాలా విషయాలు తెలుస్తాయి. అవసరమైతే సీటీ స్కాన్, గొట్టంలోకి ఊదించి చేసే స్పైరోమెట్రీ చేయిస్తారు.

ఇందులో ఒక మెలిక ఉంది. సిలికా పడిన ఊపిరితిత్తిలో టీబీ క్రిమిని చంపే శక్తి తగ్గిపోతుంది కాబట్టి, సిలికోసిస్ ఉన్నవారికి టీబీ వచ్చే అవకాశం మామూలు మనుషుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రెండూ కలిసే ఉండొచ్చు. అందుకే టీబీ మందులు మీ అంతట మీరు ఆపేయకండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, తెమడలో రక్తం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడకు సీబీనాట్ పరీక్ష ఉచితంగా చేస్తారు.

లక్షణాలు కనిపించేదాకా ఎన్నేళ్లు పడుతుంది?

మోతాదును బట్టి ఉంటుంది. మామూలు మోతాదులో 10 ఏళ్లు దాటాక బయటపడుతుంది. ఎక్కువ మోతాదులో 5 నుంచి 10 ఏళ్ల మధ్యే వస్తుంది. విపరీతమైన దుమ్ములో పనిచేసిన వాళ్లకు నెలల్లోనే ఊపిరితిత్తుల్లో ద్రవం చేరి ప్రాణం మీదికి వచ్చే రకం కూడా ఉంది. మామూలు రకంలో మొదటి కొన్నేళ్లు ఎక్స్‌రేలో మచ్చలున్నా మనిషికి ఏమీ తెలియదు. మెట్లు ఎక్కితే ఆయాసం, బరువు ఎత్తితే ఆగిపోవడం వచ్చేసరికి జబ్బు బాగా ముదిరి ఉంటుంది. అందుకని ఈ పనిలో చేరేటప్పుడు ఒక ఎక్స్‌రే, స్పైరోమెట్రీ చేయించుకుని దాచుకోవాలి. ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి చేయించుకుని పాతదానితో పోల్చి చూడాలి.

నయమవుతుందా?

పడిన మచ్చ పోదు. దాన్ని కరిగించే మందు లేదు. ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్లు, ఇన్‌ఫెక్షన్లకు మందులు, అవసరమైతే ఆక్సిజన్, కొద్దిమందికి ఊపిరితిత్తుల మార్పిడి, ఉన్నవి ఇవే. బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందని సైట్లలో బాగా నమ్ముతారు. బెల్లం వెళ్లేది కడుపులోకి, దుమ్ము ఉండేది ఊపిరితిత్తుల్లో.

జబ్బు బయటపడగానే దుమ్ము పని మానేయాలి. మానేసినా కొందరిలో అది పెరుగుతూనే ఉంటుంది, కానీ మానకపోతే ఇంకా వేగంగా పెరుగుతుంది. కొలతలు తీయడం, ఫిక్సింగ్, పని చూసుకోవడం లాంటి పనులకు మారే వీలుంటే మారాలి. బీడీ, సిగరెట్ పూర్తిగా ఆపాలి. పైకి కనిపించని టీబీ ఉందేమో పరీక్ష చేసి, ఉంటే ముందుగానే మందులు ఇచ్చే ఏర్పాటు మన జాతీయ టీబీ కార్యక్రమంలో సిలికోసిస్ రోగులకు ఉంది. అడిగి చేయించుకోండి.

ఆస్ట్రేలియాలో క్వార్ట్జ్ కిచెన్ టాప్‌లు నిషేధించారట, నిజమేనా?

నిజమే. 2024 జులై 1 నుంచి అక్కడ ఆ స్లాబుల తయారీ, సరఫరా, బిగింపు అన్నీ నిషేధం. స్లాబులు పొడిగా కోసిన వర్కర్లు, అందులో చాలామంది చిన్న వయసువాళ్లు, కొద్ది ఏళ్లలోనే సిలికోసిస్ బారిన పడ్డారు. నియమాలు పెట్టి చూసినా అదుపు కాకపోవడంతో నిషేధించారు. మన దగ్గర కొత్త అపార్ట్‌మెంట్లలో ఈ స్లాబుల వాడకం పెరుగుతోంది. గ్రానైట్‌కు అలవాటు పడిన చేతులే వీటినీ అదే మెషిన్‌తో, అదే పద్ధతిలో కోస్తున్నాయి. ఒక్కో కోతలో వచ్చే సిలికా గ్రానైట్‌కు రెండు మూడు రెట్లు. ఇంట్లో క్వార్ట్జ్ టాపే వేయించుకోవాలనుకుంటే సింక్ రంధ్రంతో సహా కోతలన్నీ నీటితో నడిచే పెద్ద మెషిన్లున్న వర్క్‌షాపులోనే చేయించండి. ఇంట్లో బిగించడం మాత్రమే జరగాలి.

పరిహారం వస్తుందా?

ఫ్యాక్టరీల చట్టంలో ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో సిలికోసిస్ ఉండేది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో, పని వల్ల వచ్చిన జబ్బుగా పరిహారం ఇవ్వాల్సిన వాటిలోనూ ఉండేది. 2025 నవంబరు 21 నుంచి వీటి స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినా, ఆ జాబితాల్లో సిలికోసిస్ కొనసాగుతోంది. రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానం తెచ్చి, సిలికోసిస్ ధ్రువీకరించిన రోగికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు ఇస్తోంది.

ఇళ్ల పనుల్లో చిక్కంతా రుజువు దగ్గర వస్తుంది. ఈ నెల ఒక కాంట్రాక్టర్, వచ్చే నెల ఇంకొకరు, ఎక్కడా కాగితం ఉండదు. కాబట్టి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకుని లేబర్ కార్డు గడువు దాటకుండా చూసుకోండి. ఈఎస్ఐ ఉంటే డిస్పెన్సరీ చీటీల్లో మీ పని పేరు రాయించండి. కూలి ఫోన్ పే ద్వారా తీసుకుంటే ఆ స్టేట్‌మెంటే ఎక్కడ, ఎవరి దగ్గర పనిచేశారో చూపిస్తుంది.

ఇంటివాళ్లుగా మేము ఏం చేయగలం? ఖర్చు ఎంత పెరుగుతుంది?

పని మాట్లాడుకునేటప్పుడే "కోత తడిగా, బయట" అని చెప్పి, దాన్ని రేటులో కలపండి. పనంతా అయ్యాక అడిగితే ఎవరూ వినరు. కోసుకోవడానికి బాల్కనీనో మేడనో చూపించండి, నీళ్ల డ్రమ్ము నింపి పెట్టండి, ఆర్‌సీసీబీ ఉన్న పాయింటు ఇవ్వండి. తడి కోతకు అదనంగా అయ్యేది ట్యాప్ బిగించిన డబ్బా, కొన్ని మీటర్ల గొట్టం, మాస్కులు, బురద ఎత్తడానికి హెల్పర్ సమయం. చేతి టైల్ కట్టర్ ఒక్కసారి కొంటే ఏళ్లపాటు పనిచేస్తుంది. చిన్న మేస్త్రీ కొనలేనంటే నలుగురు కలిసి కొనుక్కోవచ్చు, లేదా కాంట్రాక్టరే కొని సైట్లకు తిప్పొచ్చు.

మీరు ఆ ఇంట్లోనే ఉంటూ పని చేయిస్తుంటే, కోత బయట పెట్టడం కుదరని రోజున పిల్లల్ని, పెద్దవాళ్లను వేరే ఇంటికి పంపండి. పని జరిగే గది తలుపు సందులు ప్లాస్టిక్ కవరు, టేపుతో మూసి, ఏసీ ఆపేయండి. ఏసీ నడిస్తే ఆ దుమ్ము ఫిల్టర్లోకి చేరి, పని ముగిసిన తర్వాత కూడా ఇంట్లోకి వస్తుంటుంది. ఆ రోజు పని ముగిశాక కిటికీలు తెరిచి రెండు మూడు గంటలు గాలి ఆడనిచ్చి, తర్వాతే తడి గుడ్డతో తుడవండి.